సీరియల్ మీద ఫోకస్ గ్రూపులు: పన్నెండు మందీ వద్దు, సెమినార్ హాలూ వద్దు

ప్రశ్న: బరంపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రాత్రి ఏడున్నరకి వచ్చే ఒక తెలుగు సీరియల్‌ని ఒడిశాలో ఉన్న మన తెలుగు ఆడవాళ్లు ఎలా అర్థం చేసుకుంటున్నారన్నది నా టాపిక్. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలో పన్నెండేసి మందితో నాలుగు ఫోకస్ గ్రూపులు, కాలేజీ సెమినార్ హాల్లో పెడదామనుకుంటున్నాను. మోడరేటర్‌ని నేనే, మగవాణ్ణి. ముప్పై రెండు ప్రశ్నలతో గైడ్ రాసుకున్నాను. గ్రూపులు ఇలా ఉంటే చాలా? గైడ్ ఎలా ఉండాలి?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. గ్రూపుకి ఐదారుగురు చాలు. ఒకరికొకరు ముందే తెలిసినవాళ్లు, ఆ సీరియల్ గురించి ఎలాగూ మాట్లాడుకునేవాళ్లు అయితే మంచిది. కూర్చోబెట్టాల్సింది వాళ్లలో ఒకరి ఇంట్లో. నాలుగు గ్రూపులు కాదు, ఎనిమిది పెట్టండి. ఊళ్లు మాత్రం మూడు కాదు, రెండు చాలు. మోడరేటర్‌గా ఒక ఆడమనిషిని పెట్టుకోండి. గైడ్ ఒక కాగితానికి మించకూడదు. అందులో ఏడెనిమిది ప్రశ్నలు, మధ్యలో ఎనిమిది నిమిషాల క్లిప్పు. క్లిప్పు అవగానే వేసే మొదటి ప్రశ్న, "ఇప్పుడు చూసింది చూడని మనిషికి చెప్పండి" అన్నది. మీ థీసిస్‌కి కావలసిన సరుకు ఎక్కువగా ఆ ఒక్క ప్రశ్నలోంచే వస్తుంది. కాబట్టి మిగతాదంతా దాన్ని కాపాడేలా అమర్చుకోవాలి.

పన్నెండు మంది ఎందుకు వద్దంటున్నానంటే, గంటన్నరలో పన్నెండు మందికి తలా ఎనిమిది నిమిషాలు కూడా రావు. ముగ్గురు మాట్లాడతారు, నలుగురు తలూపుతారు, మిగతావాళ్లు గుమ్మం వైపు చూస్తుంటారు. బంతి మీకూ ఒకావిడకీ, మళ్లీ మీకూ ఇంకొకావిడకీ మధ్యే తిరుగుతుంది. అలాంటిది వరసగా తీసుకున్న ఇంటర్వ్యూ అవుతుంది గానీ ఫోకస్ గ్రూపు అవదు. మనం వెతుకుతున్నది ఒకరు అన్నదాన్ని ఇంకొకరు ఎలా పట్టుకున్నారు, ఎక్కడ ఒప్పుకున్నారు, ఎక్కడ కొట్టిపారేశారు అన్నది. ఆరుగురిని అనుకుంటే ఎనిమిది మందికి చెప్పి ఉంచండి. ఒకరికి చుట్టాలొస్తారు, ఇంకొకరి పిల్లాడికి జ్వరం వస్తుంది. ఎనిమిది మందీ వచ్చేస్తే ఇద్దరితో మీరు వరండాలో విడిగా మాట్లాడుకోవచ్చు, అదీ వృథా పోదు.

సెమినార్ హాలు విషయం. ఈ రంగంలో అందరూ ముందు చదివేది 1980లో అచ్చయిన డేవిడ్ మోర్లీ స్టడీ. బ్రిటన్‌లో ఒక టీవీ కార్యక్రమాన్ని 29 గ్రూపులకి చూపించి మాట్లాడించాడు. ఆ గ్రూపులు చాలావరకు ఏదో ఒక కోర్సులో కలిసి చదువుకుంటున్నవాళ్లు, కూర్చున్నది ఆ చదువుల చోట్లలోనే. తర్వాత ఆయనే, మనుషులు టీవీ చూసేది ఇంట్లో కదా, ఇంటి బయట కూర్చోబెట్టి అడిగితే ఏం తెలుస్తుంది అని తన పనినే ప్రశ్నించుకుని ఇళ్లలోకి వెళ్లాడు. డల్లాస్ అనే అమెరికన్ సీరియల్ మీద తమార్ లీబ్స్, ఎలిహు కాట్జ్ చేసిన పని మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. వాళ్లు ఒక జంటని పట్టుకుని, మీ స్నేహితులైన ఇంకో రెండు జంటల్ని పిలవండి అన్నారు. వాళ్ల ఇంట్లోనే ఎపిసోడ్ చూసి, అక్కడే మాట్లాడించారు. ఇజ్రాయెల్‌లో అరబ్బులు, రష్యా నుంచి వచ్చినవాళ్లు, మొరాకో నుంచి వచ్చినవాళ్లు, కిబుట్జ్ అనే ఉమ్మడి పల్లెల్లో ఉండేవాళ్లు ఇలా వేర్వేరు సమూహాలతో చేశారు కాబట్టి, సరిహద్దు జిల్లాల్లో తెలుగువాళ్ల మీద పనిచేసేవాళ్లకి ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. నేను ఇన్నాళ్లూ దాన్నే కొద్దిగా మార్చి వాడుతున్నాను. జంటల్ని కాకుండా, ఒక ఇల్లాలిని పట్టుకుని ఆమె ఇరుగుపొరుగుని పిలిపిస్తాను.

గ్రూపుల్ని ఎలా గీసుకోవాలి

రెండు తేడాలకి మించి పెట్టుకోకండి. మీ టాపిక్‌కి నాకు తోచిన మొదటి తేడా ఊరు. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, ఆంధ్రా పక్కనే. పెళ్లి సంబంధాలు, బట్టల కొనుగోళ్లు, ఆస్పత్రులు అన్నీ అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. బరంపురం అలా కాదు. పట్టు నేసేవాళ్ల వీధుల్లో తరాలుగా తెలుగు ఉన్నా చుట్టూ ఉన్నది ఒడియా ఊరు. ఇక రెండో తేడా వయసు. నలభై లోపు వయసున్న పెళ్లయినవాళ్లు ఒక వైపు, యాభై దాటి ఇంట్లో కోడలు ఉన్నవాళ్లు ఒక వైపు. రెండు ఊళ్లు, రెండు వయసులు కలిపితే నాలుగు గళ్లు. ఒక్కో గడికి రెండు గ్రూపులు వేస్తే ఎనిమిది.

గడికి ఒకటి చాలదా అని మీ గైడ్ అడగొచ్చు (కాగితం గైడ్ కాదు, ప్రొఫెసరు). చాలదు. బరంపురం కుర్ర కోడళ్ల గ్రూపు ఒకటే పెట్టి, వాళ్లు అత్త పాత్ర మీద నిప్పులు కక్కారనుకోండి. అది ఆ వయసు తీరా, లేక ఆ రోజు వచ్చినవాళ్లలో ఒకావిడ నోరు పెద్దదా? ఒక్క గ్రూపుతో ఈ రెండింటినీ విడదీయలేరు. అదే గడిలో ఇంకో వీధిలో ఇంకో గ్రూపు పెట్టి, అక్కడ కూడా అదే కనిపిస్తే అప్పుడు మాట్లాడటానికి కొంత ఆధారం ఉంటుంది. గుణుపురాన్ని వదిలేయమన్నది ఇందుకే. మూడో ఊరు కలిపితే పన్నెండు గ్రూపులవుతాయి, ఒక్క మనిషి రాయగలిగే ట్రాన్స్‌క్రిప్టు కాదది.

అత్తనీ కోడలినీ ఒకే గ్రూపులో పెట్టకండి. ఇది అందరికీ తెలిసిందే గానీ ఆచరణలో ఎలా తప్పుతుందో చెప్తాను. కోడళ్ల గ్రూపు పెడతారు, ఇల్లు ఇచ్చిన అమ్మాయి అత్తగారు "మీరు మాట్లాడుకోండి, నేనేం అనను" అని మూల మంచం మీద కూర్చుంటుంది. ఇక అయిపోయినట్టే. ఆవిడని పొమ్మనలేం, ఆవిడ ఇల్లు అది. నేను చేసేది ఏంటంటే, నా అసిస్టెంటుని సరిగ్గా ఆ టైముకి ఆవిడ దగ్గరికి పంపిస్తాను. "అమ్మా, మీతో విడిగా మాట్లాడాలి, మీ కాలంలో టీవీ ఎప్పుడొచ్చింది, ఏం చూసేవారు" అని వరండాలో ఇంటర్వ్యూ మొదలుపెడుతుంది. అది ఉత్త సాకు కాకూడదు, నిజంగానే రికార్డు చేసి వాడుకోవాలి. ఆవిడకి గౌరవంగా ఉంటుంది, లోపలివాళ్లకి గాలి ఆడుతుంది.

ఇల్లాలి ద్వారా పిలిపించడంలో ఒక చిక్కుంది. ఆమె తన కులం వాళ్లనీ, తన మాటకి తలూపేవాళ్లనీ పిలుస్తుంది. ఎవరింట్లోకి ఎవరు వస్తారు, వచ్చినా ఎక్కడ కూర్చుంటారు అన్నది మీరు ఒక్క మధ్యాహ్నంలో మార్చగలిగేది కాదు. అందుకని ఒక గ్రూపులో అందర్నీ కలిపేయాలని చూడకుండా, ఇళ్లనే వేర్వేరు వీధుల నుంచి ఎంచుకోండి. ఒక ఇల్లు నేతవాళ్లది అయితే, ఇంకోటి మార్కెట్లో చిల్లర వ్యాపారం చేసుకునేవాళ్లది, ఇంకోటి రైల్వే ఉద్యోగులది. థీసిస్‌లో ఏ గ్రూపు ఏ వీధిదో తప్పకుండా రాయండి, గ్రూపులోని మనుషులు గుర్తుపట్టేంత వివరంగా మాత్రం వద్దు.

పిలిచేటప్పుడు "మీరు ఈ సీరియల్ చూస్తారా" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. "మొన్న శుక్రవారం ఏమైంది" అని అడగండి. చూసినవాళ్లు ఆపకుండా చెప్తారు. వంటింట్లో పని చేసుకుంటూ చెవితో చూసేవాళ్లని కూడా తీసుకోండి, వాళ్లూ ప్రేక్షకులే. మర్నాడు ఫోన్లో చూసేవాళ్లు కుర్ర గ్రూపుల్లో చాలామంది ఉంటారు, వాళ్లని పక్కన పెట్టేస్తే మీ గ్రూపుల్లో యాభై దాటినవాళ్లే మిగులుతారు.

మోడరేటర్ సంగతి

మగవాళ్లు ఆడవాళ్ల గ్రూపు నడపకూడదన్న నియమం ఏమీ లేదు. కానీ ఈ సీరియళ్లలో ఉండేది కడుపు, బంగారం, మొగుడు కొట్టడం, రెండో పెళ్లి. మీరు ఎదురుగా కూర్చుంటే వాళ్లు సీరియల్‌లోని మనుషుల్ని మెచ్చుకుని ఊరుకుంటారు, నవ్వరు. నవ్వు లేని గ్రూపు ట్రాన్స్‌క్రిప్టు నేను చూసినంతలో ఎప్పుడూ పల్చగానే ఉంటుంది. ఉత్తరాంధ్ర యాస, ఒడియా రెండూ తెలిసిన ఒక ఆడమనిషిని చూసుకోండి. టీవీ యాంకర్‌లా మాట్లాడే మనిషి మాత్రం వద్దు, ఆమెని చూసి వీళ్లూ పుస్తకంలా మాట్లాడటం మొదలుపెడతారు. మీరు గుమ్మం బయట నోట్సు రాసుకోండి.

మోడరేటర్ ఇంకొకరు కాబట్టి గైడ్ ఆమె నోటితో చదవడానికి వీలుగా ఉండాలి. "ప్రతినాయిక పాత్ర పట్ల ప్రేక్షకుల వైఖరి" లాంటి మాటలు అందులో ఉండకూడదు. అది మీ రీసెర్చ్ ప్రశ్న, ఆమె అడగాల్సిన ప్రశ్న కాదు. మీ ముప్పై రెండు ప్రశ్నల్లో చాలావరకు ఇలాంటివే అయి ఉంటాయని నా అనుమానం.

క్లిప్పు

చెంపదెబ్బ సీన్లు, విషం కలిపే సీన్లు తీసుకోకండి. వాటి మీద అందరిదీ ఒకే మాట. ఎవరిది తప్పో సీరియల్ తేల్చి చెప్పని సీను కావాలి. ప్రకటనలు తీసేయండి గానీ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ముట్టుకోకండి, ఎవరిని చూసి ఏడవాలో ఎవరిని చూసి భయపడాలో చెప్పేది అదే. చూసేవాళ్లు దానికి లొంగారా, దాన్ని వెక్కిరించారా అన్నది మీకు కావాలి.

నేను ఈ జిల్లాల్లో వాడిన ఒక క్లిప్పు చెప్తాను. కోడలు మరిది కాలేజీ ఫీజు కోసం మెడలో గొలుసు తాకట్టు పెడుతుంది, ఎవరికీ చెప్పదు. అత్త బీరువా తీసి చూస్తుంది, గొలుసు లేదు. అందరి ముందూ నిలదీస్తుంది. కోడలు నోరు విప్పదు. మరిది తలుపు చాటున నిలబడి అంతా వింటుంటాడు. అక్కడితో కట్. గొలుసు పుట్టింటివాళ్లు పెట్టిందా, అత్తవారు పెట్టిందా అన్నది క్లిప్పులో ఎక్కడా ఉండదు.

గైడ్, దాదాపు నేను వాడేదే

మొత్తం ఎనభై నిమిషాలకి వేసుకోండి. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెడితే పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు అయిపోతుంది. సాయంత్రం ఏడు దగ్గర పెట్టకండి, సీరియల్ టైముకి వాళ్లే లేచి వెళ్లిపోతారు.

మొదటి పది నిమిషాలు. "మీ పేరు, మీ ఇంట్లో టీవీ ఏ గదిలో ఉంది, రాత్రిపూట రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది?" ఒక్కొక్కరూ వరసగా చెప్తారు. దీనివల్ల రికార్డింగులో ఏ గొంతు ఎవరిదో తెలుస్తుంది, అందరూ ఒకసారి నోరు తెరిచినట్టూ అవుతుంది. రిమోట్ మాట రాగానే నవ్వులు మొదలవుతాయి. మామగారు వార్తలు, పిల్లలు ఒడియా ఛానల్, వీళ్ల సీరియల్ ఎక్కడ దూరుతుందో అదంతా ఇక్కడే బయటికొస్తుంది.

తర్వాత ఐదు నిమిషాలు. "ఈ సీరియల్ గురించి మీలో మీరు ఎప్పుడు మాట్లాడుకుంటారు?" అంతే. లోతుకి వెళ్లొద్దు.

క్లిప్పు, ఎనిమిది నిమిషాలు. మోడరేటర్ టీవీ వైపు కాదు, మనుషుల వైపు కూర్చోవాలి. అసిస్టెంటు ఏ నిమిషంలో ఎవరు "అయ్యో" అన్నారు, ఎవరు ఛీత్కరించారు, ఎవరు ముందే డైలాగ్ చెప్పేశారు అన్నది రాసుకుంటుంది.

తిరిగి చెప్పడం, ఇరవై నిమిషాలు. "మీ పక్కింటావిడ ఇది చూడలేదు. ఏమైందో చెప్పమంది. ఏం చెప్తారు?" ఒకరు మొదలుపెడతారు, ఇంకొకరు సరిచేస్తారు. మోడరేటర్ నోరు కట్టుకోవాలి. ఊఁ కొట్టడం, "తర్వాత?" అనడం తప్ప ఏమీ వద్దు. అందరూ ఆగిపోతే మనసులో ఐదు లెక్కపెట్టుకుని అప్పుడు మాట్లాడాలి, ఈ లోపు మూడింటికే ఎవరో ఒకరు అందుకుంటారు.

వాదన, ఇరవై నిమిషాలు. "ఆ అమ్మాయి ఇంకోలా చేసి ఉండొచ్చా?" "ఇదే మీ అత్తగారు చూస్తే ఏమంటారు?" పెద్దవాళ్ల గ్రూపులో "మీ కోడలు చూస్తే ఏమంటుంది?" అందరూ ఒకే మాట మీద ఉన్నప్పుడు ఈ లేని మనిషి బాగా పనికొస్తుంది. తన నోటితో అనలేనిది అత్తగారి పేరు మీద అనేస్తారు. ఇక్కడ "ఎందుకు" అన్న మాట తగ్గించండి. "ఎందుకలా అనుకున్నారు" అంటే తప్పు పట్టినట్టుంటుంది, "ఏం చూసి అలా అనిపించింది" అంటే క్లిప్పులోకి తిరిగి వెళ్తారు.

తీసినవాళ్ల గురించి, పది నిమిషాలు. "ఇది రాసేది మీరైతే రేపు ఏం జరుగుతుంది? వాళ్లు ఏం చేస్తారనుకుంటున్నారు?" ఈ రెంటికీ మధ్య తేడాలోనే, సీరియల్ ఎలా తయారవుతుందో వాళ్లకెంత తెలుసో దొరుకుతుంది. "ఏం చేస్తారు, ఇంకో నెల సాగదీస్తారు" అన్న జవాబు తప్పకుండా వస్తుంది, దాన్ని నవ్వి వదిలేయకండి, అదీ సీరియల్‌ని అర్థం చేసుకునే ఒక తీరే.

చివరి ఏడు నిమిషాలు. "ఈ సీరియల్ గురించి నేను అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?" తర్వాత రికార్డరు వెంటనే ఆపకండి. ఆపే ముందు చెప్పి ఆపండి. చాలా మంచి మాటలు చాపలు మడిచేటప్పుడు వస్తాయి.

గైడ్‌లో లేనిది గమనించారా? "మీరు ఒడిశాలో ఉంటున్నారు కదా, తెలుగు సీరియల్ చూస్తే మన సంస్కృతి గుర్తొస్తుందా" అన్న ప్రశ్న. మీ టాపిక్ అదే కాబట్టి అడగాలని చేతులు దురదపెడతాయి. అడిగితే అవునంటారు, అంత దూరం నుంచి వచ్చినవాళ్లని నొప్పించడం ఎందుకని. అడగకపోతే, ఉంటే అదే వస్తుంది. గొలుసు సీనుకి ఒక పర్లాకిమిడి గ్రూపులో ఒకావిడ "ఆంధ్రావోళ్ల ఇళ్లల్లో అలాగే ఉంటాది, మన దగ్గిర కోడలు అంత మాట పడదు" అంది. పక్కావిడ వెంటనే "మీ అమ్మాయిని ఇచ్చింది టెక్కలే కదా" అంది. టెక్కలి ఉన్నది ఆంధ్రాలోనే. మనం ఎవరం, వాళ్లు ఎవరు అన్న గీత అక్కడ వాళ్లే గీసుకున్నారు, వాళ్లే చెరిపారు. మోడరేటర్ ఆ గీత ముందే గీసి ఇచ్చి ఉంటే ఈ టెక్కలి మాట వచ్చేది కాదు. అయితే ఎవరైనా "అక్కడ", "మన దగ్గర" అన్నప్పుడు మాత్రం పట్టుకుని "అక్కడ అంటే?" అని అడగమని మోడరేటర్‌కి గైడ్ అంచున రాసి ఇవ్వండి.

తిరిగి చెప్పడంలో ఏం చూడాలి

బరంపురం కుర్ర గ్రూపులో ఒక చిన్న ముక్క ఇది, మోడరేటర్ మాట్లాడని చోటు. పా అంటే పాల్గొన్నావిడ:

పా-2: పాపం, ఆ పిల్ల మరిది ఫీజుకని తన గొలుసు పెట్టేసింది.
పా-4: తనదేటి? పెళ్లిలో అత్తోళ్లు ఏసింది కదా.
పా-2: కాదే, పుట్టింటోళ్లదే. పెళ్లి రోజు వాళ్లమ్మ ఏసింది, నాకు గుర్తుంది.
పా-1: ఎవరు ఏసినా బీరువా అత్తది. (నవ్వులు)
పా-5: మా ఇంట్లో అయితే తాళాలు నా దగ్గరే.
పా-4: నీకు అత్త లేదు కదే.

క్లిప్పులో గొలుసు ఎవరిదో లేదని చెప్పాను కదా. ఆ ఖాళీని వీళ్లు నింపుకున్నారు, ఒకరు పాత ఎపిసోడ్ తెచ్చి, ఇంకొకరు ఇంటి వ్యవహారం తెచ్చి. పా-1 మాటతో ప్రశ్నే మారిపోయింది, బంగారం ఎవరిదన్నది పోయి బీరువా ఎవరిదన్నది వచ్చింది. పా-5, పా-4 సీరియల్ వదిలేసి తమ ఇళ్లలోకి వెళ్లిపోయారు. ఇది "పక్కదారి పట్టింది" అని మోడరేటర్ వెనక్కి లాగితే, ప్రేక్షకులు ఎలా అర్థం చేసుకుంటారో చూసే మీలాంటి స్టడీకి కావలసినదాన్నే ఆపేసినట్టు. రెండు మూడు నిమిషాలు పోనిచ్చి, "మరి ఈ సీన్లో గొలుసు ఎవరిదని ఏం చూసి తెలిసింది?" అంటే చాలు.

ట్రాన్స్‌క్రిప్టులు అన్నీ ముందేసుకున్నాక నేను మొదట చూసేది కథ ఎక్కడ మొదలైందన్నది. ఈ గొలుసు క్లిప్పు వాడిన నా స్టడీలో కుర్ర గ్రూపులు ఎక్కువగా ఫీజు దగ్గర మొదలుపెట్టాయి, కాబట్టి కోడలు సాయం చేసిన మనిషి అయింది. పెద్దవాళ్ల గ్రూపులు బీరువా తెరవడం దగ్గర మొదలుపెట్టాయి, కాబట్టి కోడలు చెప్పకుండా చేసిన మనిషి అయింది. ఇద్దరూ చూసింది అదే ఎనిమిది నిమిషాలు. ఆ తర్వాత చూసేది ఎవరిని వదిలేశారన్నది. తలుపు చాటున ఉన్న మరిది పెద్దవాళ్లు చెప్పిన కథల్లో దాదాపు కనిపించలేదు. గుర్తు చేస్తే "ఆ, ఉన్నాడు" అన్నారు, అంతే. కుర్రవాళ్లు మాత్రం వాణ్ణి చీల్చి చెండాడారు. "కోడలు పాత్ర మీద మీ అభిప్రాయం ఏమిటి" అని ఎన్నిసార్లు అడిగినా ఈ తేడా రాదు, రెండు గ్రూపులూ "మంచి అమ్మాయి" అనే అంటాయి, అన్నాయి కూడా.

టీవీ చెప్పేదాన్ని చూసేవాళ్లు ఎలా తీసుకుంటారన్న దాని మీద స్టువర్ట్ హాల్ చెప్పిన మూడు స్థానాలు, అంటే ఒప్పుకోవడం, సగం ఒప్పుకుని బేరమాడటం, ఎదురు తిరగడం, వాటిలోకి గ్రూపుల్ని మొదట్లోనే సర్దేయకండి. ఒకే మనిషి తిరిగి చెప్పేటప్పుడు ఒప్పుకుంటుంది, వాదనలో బేరమాడుతుంది, తీసినవాళ్ల మాట వచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. ఏ ప్రశ్న దగ్గర ఎక్కడుందన్నది రాయండి. అలాగే "ఆరుగురిలో నలుగురు" అని లెక్కలు వేయకండి. తలూపినవాళ్లు ఒప్పుకున్నట్టు కాదు, మాట్లాడనివాళ్లు కాదన్నట్టూ కాదు.

గ్రూపు సరిగా నడిచిందో లేదో ఎలా తెలుస్తుంది? ట్రాన్స్‌క్రిప్టులో ఏదో ఒక పేజీ తీయండి. మోడరేటర్ మాట ప్రతి రెండో లైనులో ఉంటే నడవలేదు. మోడరేటర్ మాటకీ మాటకీ మధ్య నాలుగైదు సార్లు వాళ్లలో వాళ్లు అందుకుంటే నడిచింది. మొదటి గ్రూపుని పైలట్ అనుకుని, ఈ ఒక్క పరీక్ష చేసి, గైడ్‌లో ఏ ప్రశ్న దగ్గర మాట మోడరేటర్ వైపు తిరిగిపోతుందో చూసి దాన్ని తీసేయండి లేదా మార్చండి. పైలట్‌ని ఎనిమిదిలో కలపకండి.

ఒప్పందం కాగితం, ఇంకా కొన్ని

కుర్ర గ్రూపుల్లో చాలామంది ఒడియా మీడియంలో చదివినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు అక్షరాలు చదవలేరు. మీరు తెలుగులో కాన్సెంట్ ఫారం ఇస్తే మొహమాటానికి చదివినట్టు నటించి సంతకం పెట్టేస్తారు. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి అచ్చు వేయించి, రెండూ పైకి చదివి వినిపించండి. మాట్లాడేటప్పుడు ఒడియాలోకి వెళ్తే వెళ్లనివ్వండి. పక్కింటి ఒడియా ఆవిడ వచ్చి కూర్చున్నా ఉండనివ్వండి, తెలుగు సీరియల్‌ని బొమ్మ చూసి ఎలా పట్టుకుంటుందో తెలుస్తుంది. ఏ విషయం దగ్గర ఏ భాషలోకి వెళ్లారన్నది అలాగే రాయండి, అంతా శిష్ట తెలుగులోకి దిద్దేయకండి.

గోప్యత గురించి అబద్ధం చెప్పకండి. మీరు బయటపెట్టరు, కానీ పక్కన కూర్చున్నావిడ చెప్పదన్న హామీ మీరు ఇవ్వలేరు. మొదట్లోనే "ఈ గదిలోంచి బయటికి వెళ్తే ఇబ్బంది అనిపించేది ఇక్కడ చెప్పకండి, కావాలంటే తర్వాత విడిగా మాట్లాడదాం" అని మోడరేటర్ చెప్పాలి. అయినా ఎవరైనా సీరియల్ మాటల్లోంచి తన ఇంట్లో దెబ్బల దాకా వచ్చేస్తే, గ్రూపులో తవ్వకూడదు. మాట మెల్లగా క్లిప్పు వైపు తిప్పి, అయ్యాక ఆమెతో ఒంటరిగా కూర్చోవాలి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు మోడరేటర్ దగ్గర ఉండాలి, కాగితం మీద రాసి ఇవ్వకండి, ఆ కాగితం ఇంట్లో దొరికితే ఇంకో గొడవ. ఆ భాగం థీసిస్‌లో వాడుకోవచ్చా అని ఆమెనే మళ్లీ అడగండి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది, థీసిస్‌లో దాచుకోకండి. నలుగురిలో ఎలా మాట్లాడతారో మీకు దొరుకుతుంది, ఒంటరిగా సోఫా మీద ఎలా చూస్తారో దొరకదు. వీలైతే గ్రూపుల్లో వచ్చినవాళ్లలోంచి ఇద్దరు ముగ్గురి ఇళ్లలో ఏడున్నరకి కూర్చుని చూడండి. గ్రూపులో "ఒక్క ఎపిసోడ్ వదలను" అన్నావిడ అన్నం వడ్డిస్తూ వెనక్కి తిరిగే ఉంటుంది.

ట్రాన్స్‌క్రిప్షన్‌కి టైము గట్టిగా పెట్టుకోండి. ఒకరితో ఇంటర్వ్యూ అయితే గంట రికార్డింగుకి ఆరేడు గంటలు పడుతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడే గ్రూపుకి అంతకంటే ఎక్కువే. గ్రూపు జరిగిన రాత్రే మొదలుపెడితే గొంతులు గుర్తుంటాయి. బరంపురంలో ఠాకురాణి యాత్ర ఉన్న ఏడాది అయితే ఆ నెలంతా ఎవరూ దొరకరు, ముందే చూసుకోండి.

డబ్బు ఇవ్వకండి, ఇరుగుపొరుగులో ఎవరికెంత వచ్చిందన్నది పెద్ద టాపిక్ అవుతుంది. ఒక స్టీలు డబ్బా లాంటిది అందరికీ ఒకే రకంగా ఇవ్వండి, ఇల్లు ఇచ్చినావిడకి విడిగా ఒక జాకెట్టు ముక్క. టిఫిను గ్రూపు అయ్యాకే పెట్టండి. మధ్యలో మిక్చర్ ప్లేట్లు తిరిగితే రికార్డింగులో కరకర తప్ప ఏమీ వినపడదు. ఫ్యాన్ కూడా అంతే, ఎండాకాలం ఆపలేరు కాబట్టి రెండు రికార్డర్లు పెట్టండి, ఫ్యాను కిందకి కాకుండా గదికి రెండు మూలల్లో, మడిచిన తువ్వాలు మీద. నేల మీద నేరుగా పెడితే గాజుల చప్పుడు, కాలు కదిపిన చప్పుడు అన్నీ ఎక్కుతాయి.